నాలుగు బిందువుల వంపు ఐదు బిందువులతో: గీత మారదు, డిగ్రీ మారుతుంది

డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెన్ టూల్‌తో గీసే వంపు చాలామటుకు క్యూబిక్ బెజియే వక్రమే. దానికి నాలుగు కంట్రోల్ పాయింట్లు: రెండు కొసల్లో రెండు, గీతను తమవైపు లాగే హ్యాండిళ్లు రెండు. ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో పనిచేసిన పియేర్ బెజియే పేరు దీనికి స్థిరపడింది. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో ఇదే గణితాన్ని 1959 నాటికే చేతబట్టారు. అయితే కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు.

★ ఈ వంపును ఐదు బిందువులున్న క్వార్టిక్‌గా, అంటే నాలుగో డిగ్రీ వక్రంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తిరగరాయవచ్చు. దీని వెనకున్న కిటుకు అతి చిన్నది. వక్రం సమీకరణాన్ని `(1-t) + t` తో గుణిస్తారు. దాని విలువ ఎప్పుడూ 1 కాబట్టి గీత కదలదు, డిగ్రీ మాత్రం ఒక మెట్టు పెరుగుతుంది. ఆ గుణకారాన్ని విప్పి సర్దితే కొత్త బిందువులు ఇలా వస్తాయి:

```
Q0 = P0
Q1 = (P0 + 3*P1) / 4
Q2 = (P1 + P2) / 2
Q3 = (3*P2 + P3) / 4
Q4 = P3
```

★ అంకెలతో చూద్దాం. పాత బిందువులు (0,0), (4,12), (12,12), (16,0) అనుకోండి. కొత్తవి (0,0), (3,9), (8,12), (13,9), (16,0). కొసలు ఉన్నచోటే ఉన్నాయి. హ్యాండిళ్లు మాత్రం అదే దిక్కులో ముప్పాతిక వంతు పొడవుకు తగ్గాయి. ఇప్పుడు `t = 1/2` దగ్గర రెండింటినీ లెక్కకట్టండి. పాత సూత్రంలో బిందువులకు 1, 3, 3, 1 బరువులిచ్చి 8తో భాగిస్తే (8,9) వస్తుంది. కొత్త సూత్రంలో 1, 4, 6, 4, 1 బరువులిచ్చి 16తో భాగించినా అదే (8,9). ఈ ఒక్కచోటే కాదు, ఏ `t` దగ్గర చూసినా రెండూ ఒకే బిందువును ఇస్తాయి.

★ చాలామందికి ముందుగా తట్టే పద్ధతి వేరు: పాత హ్యాండిళ్లను కదపకుండా, వాటి మధ్యలో ఐదో బిందువును పెట్టేయడం. పై లెక్కలోనే అలా చేస్తే మధ్య ఎత్తు 9 నుంచి 10.5కి లేస్తుంది, వంపు పైకి ఉబ్బుతుంది. అందుకే హ్యాండిళ్లు లోపలికి జరిగి తీరాలి.

★ గీత మారనప్పుడు ఈ శ్రమంతా ఎందుకు? ఇక్కడే అసలు లాభం ఉంది. క్యూబిక్‌లో నడుమను కాస్త ఎత్తాలంటే హ్యాండిళ్లలో ఒకదాన్నైనా కదపాలి. దాంతో ఆ కొస దగ్గర గీత బయల్దేరే దిక్కో, వేగమో మారిపోతుంది. క్వార్టిక్‌లో `Q2` ఒక్కదాన్నే (8,12) నుంచి (8,16)కి జరపండి. మధ్య బిందువు (8,10.5)కి చేరుతుంది. రెండు కొసల్లో దిక్కూ వేగమూ చెక్కుచెదరవు. పక్క గీతతో కలిసేచోట వంపు తీవ్రత మాత్రం కొంత మారుతుంది, అతుకు దగ్గర అది కూడా కుదరాలనుకునేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. ఉపరితలాలు తయారుచేసేవాళ్లకు ఇంకో అవసరం ఉంది. ఒక అంచు క్యూబిక్, ఎదుటి అంచు క్వార్టిక్ అయినప్పుడు బిందువుకు బిందువు జత కుదరదు. తక్కువ డిగ్రీ అంచును పెంచాకే రెండింటి మధ్య ఉపరితలం పరుస్తారు.

★ ఒక క్వార్టిక్ నిజంగా క్యూబిక్ నుంచి పుట్టిందో లేదో ఒక్క వరుసలో తేలిపోతుంది:

```
Q0 - 4*Q1 + 6*Q2 - 4*Q3 + Q4
```

ఇది సున్నా అయితే వెనక్కి, అంటే నాలుగు బిందువులకు, నష్టం లేకుండా దిగవచ్చు. మన ఐదు బిందువులకు x లోనూ y లోనూ సున్నాయే వస్తుంది. `Q2`ను జరిపాక y లో 24 వస్తుంది. అంటే ఆ వంపు ఇక ఏ క్యూబిక్‌లోనూ ఇమడదు, దగ్గరి పోలిక తప్ప.

★ ఫాంట్ల పనిలో బిందువులను పూర్ణాంకాలకు సవరించే అలవాటు ఉంది. ఈ లెక్కకు అది గండం. `P0` (0,0), `P1` (5,11) అయితే `Q1` (3.75, 8.25) అవుతుంది. దాన్ని (4,8)గా సవరిస్తే వాలు 2.2 నుంచి 2కి పడిపోయి, గీత మొదట్లోనే దారి తప్పుతుంది. దశాంశాలను ఉంచుకోవడమే మేలు. అప్పుడు కూడా పై పరీక్షలో సరిగ్గా సున్నా కోసం పట్టుబట్టకుండా, అతి చిన్న తేడాను ఒప్పుకోవాలి.

★ బిందువులకు వేర్వేరు బరువులుండే రేషనల్ వక్రాలకు ఈ సూత్రాన్ని నేరుగా వాడితే ఆకారం చెడుతుంది. ముందు ప్రతి బిందువునూ దాని బరువుతో గుణించి, బరువులకు కూడా ఇదే సూత్రం వేసి, చివర కొత్త బరువుతో భాగించాలి.

★ ఫలితాన్ని ఎస్‌వీజీ ఫైల్‌లో దాచుకోవాలనుకుంటే ఒక పరిమితి ఉంది. అందులో బెజియే వక్రాలకు `Q` వంటి క్వాడ్రాటిక్, `C` వంటి క్యూబిక్ ఆదేశాలే ఉన్నాయి. క్వార్టిక్‌కు ఆదేశం లేదు. కాబట్టి నడుమ బిందువును కదిపిన వంపును అక్కడ చిన్న చిన్న క్యూబిక్ ముక్కలుగా కోసి, దగ్గరి పోలికతోనే రాయాలి.