పండగ లోపు చేరాలంటే ఆఖరి తేదీ ఏది?

2013లో అమెరికాలో క్రిస్మస్ పార్సిళ్లు చాలా ఇళ్లకు పండగ దాటాక చేరాయి. వచ్చిన సరుకు తమ శక్తికి మించిపోయిందని కొరియర్ సంస్థ యూపీఎస్ ఒప్పుకుంది. ఆలస్యమైన కొనుగోలుదారులకు అమెజాన్ రవాణా ఖర్చు తిరిగిచ్చి, 20 డాలర్ల గిఫ్ట్ కార్డులు పంపింది. అంత పెద్ద సంస్థలకే తప్పని ఇబ్బంది చిన్న ఆన్‌లైన్ దుకాణానికి ఇంకా తేలిగ్గా వస్తుంది. 'పండగ లోపు చేరుస్తాం' అనే మాటను చాలామంది క్యాలెండర్ చూసి రాసేస్తారు. రాయాల్సింది ప్యాకింగ్ బల్ల దగ్గర, కొరియర్ బండి దగ్గర లెక్క చూసుకుని.

మంగళగిరి చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. మామూలుగా రోజుకు 120 ఆర్డర్లు, దీపావళి ముందు 400. చీర విప్పి మరకలు, చిరుగులు చూసి, మడత పెట్టి, బిల్లు ఉంచి, లేబుల్ అంటించడానికి అలవాటున్న మనిషికి అయిదు నిమిషాలు పడుతుంది. అంటే గంటకు 12. భోజనం, విరామం పోగా ఏడు గంటల పనికి 84. పాతవాళ్లు ఇద్దరుంటే 168 అవుతాయి. మిగిలిన 232 కోసం ముగ్గురు చాలనిపిస్తుంది గానీ చాలరు. కొత్తవాళ్లు బాగా అలవాటుపడ్డాక కూడా గంటకు తొమ్మిది చేస్తే గొప్ప. మొదటి మూడు రోజులు అందులో సగమే, పైగా నేర్పించడానికి పాతవాళ్ల సమయమూ పోతుంది. కాబట్టి నలుగురు కావాలి, రద్దీకి వారం ముందే చేరాలి. అప్పుడు రోజుకు 420 దాకా వెళ్తాయి. రంగు సరిచూసి చీర తీసే పని పాతవాళ్లకే ఉంచి, లేబుల్, సీలు కొత్తవాళ్లకు ఇవ్వడం మంచిది. రంగు తప్పి వెళ్లిన చీరను పండగలోపు మార్చి పంపడం దాదాపు అసాధ్యం. ఇంకో సంగతి, ఆ నలుగురి ఇళ్లలోనూ పండగే. ఎవరు ఏ రోజు సెలవు అడుగుతారో చేర్చుకునేటప్పుడే మాట్లాడుకోవాలి.

ప్యాక్ చేసిన పెట్టె దుకాణంలో ఉండిపోతే ఇంత శ్రమా వృథా. కొరియర్ బండి రోజుకు 250 పార్సిళ్లే తీసుకెళ్తుందనుకోండి, మిగతా 150కి రెండో సంస్థ కావాలి. పండగ వారంలో ఫోన్ చేస్తే ఎవరూ కొత్త ఖాతాను పట్టించుకోరు. రెండు నెలల ముందు నుంచే రోజూ కొన్ని పార్సిళ్లు ఇస్తూ, ఏ తేదీన ఎన్ని వస్తాయో నెల ముందు రాసి ఇవ్వాలి. ఇబ్బంది మొదలైందని తెలిపే గుర్తు ఒకటుంది. లేబుల్ తీసిన మర్నాటికీ ట్రాకింగ్‌లో మొదటి స్కాన్ కనిపించకపోతే సరుకు ఎక్కడో ఆగినట్టే.

ఇప్పుడు తేదీ వెనక్కి లెక్కిద్దాం. 2026 దీపావళి నవంబర్ 8, ఆదివారం. చీర 6వ తేదీ శుక్రవారానికి అందాలి. ప్రయాణానికి సగటు రోజులు తీసుకోకూడదు. నిరుటి పండగ రద్దీలో నూటికి 95 పార్సిళ్లు ఎన్నాళ్లలో చేరాయో అది తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాలకు అది అయిదు రోజులైతే నవంబర్ 1న బయల్దేరాలి. అది ఆదివారం, బండి రాదు. అంటే అక్టోబర్ 31 శనివారం. ప్యాకింగ్‌కు ఒక రోజు తీస్తే ఆర్డర్‌కు ఆఖరి రోజు 30, శుక్రవారం. ఢిల్లీకి ఎనిమిది రోజులైతే 28. అందరికీ ఒకే తేదీ చెప్పకుండా, పిన్‌కోడ్ కొట్టగానే వాళ్ల తేదీ కనబడాలి. అది కూడా చీర చేరే లెక్కే. జాకెట్టు కుట్టించుకోవాలంటే దర్జీకి కావలసిన రోజులు విడిగా చూసుకోమని పక్కనే రాయడం న్యాయం.

అసలు చిక్కు ఆ ఆఖరి రోజునే వస్తుంది. 'ఇవాళే చివరి అవకాశం' అని రాసిన శుక్రవారం 400 బదులు 900 ఆర్డర్లు పడితే? రోజుకు 420 చొప్పున ప్యాకింగే మూడో రోజుకు పోతుంది. మధ్యలో ఆదివారం. ఆఖరి పెట్టెలు మంగళవారం బయల్దేరి పండగ రోజుకు చేరతాయి, అదీ అదృష్టం బాగుంటే. దీనికి మందు ఒక్కటే. ఆ రోజు ఆర్డర్లు 400 చేరగానే ఆ హామీ సైట్ నుంచి తనంతట తానే తొలగిపోయేలా ముందే పెట్టుకోవాలి. అంతకు ముందు రోజుల్లో కూడా సాయంత్రానికి ప్యాక్ కాని ఆర్డర్లు ఒక రోజు పనిని మించితే ఆఖరి తేదీని ఒక రోజు ముందుకు జరపాలి.

అమ్మకం పోతుందని భయపడకండి. హామీ తీసేశాక వచ్చినవారికి 'పండగ తర్వాతే చేరుతుంది' అని డబ్బు కట్టకముందే, ధర పక్కనే కనబడేలా చెప్పండి.