ఎఫ్‌టీఓ తేదీ ఎంత?

మండల సర్వసభ్య సమావేశంలో ఉపాధి హామీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఒక సర్పంచ్ గారు లేచారు. "మే 14తో పని అయిపోయింది. ఇవాళ జూన్ 24. మా ఊళ్లో 46 మందికి ఒక్క రూపాయి పడలేదు. ఈ ఏపీఓ బిల్లులు తొక్కిపెట్టాడు" అన్నారు. సర్పంచులు, ఎంపీటీసీలు, అన్ని శాఖల వాళ్లు, విలేకరులు కలిసి హాల్లో వందమంది దాకా ఉన్నారు. ఆ ఏపీఓని నేనే. నిలబడి "డబ్బులు పైనుంచి రావాలి సార్" అన్నాను. ఎవరూ నమ్మలేదు. తప్పు చేసినవాడూ, చేయనివాడూ చెప్పే మాట అదే కదా. "ఇలాగే ఉంటే సరెండర్ చేస్తాం" అని ఎంపీపీ గారు తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

కూలి డబ్బు నడిచే దారి తెలిస్తేగానీ ఆ నింద ఎంతవరకు నిజమో తేలదు. పని ముగిశాక మస్టర్ మూస్తాం. టెక్నికల్ అసిస్టెంట్ కొలతలు రాస్తాడు. ఆపరేటర్ వాటిని కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. ఆ లెక్కమీద ఎఫ్‌టీఓ, అంటే ఫలానా కూలీ ఖాతాలో ఇంత వేయమని చెప్పే ఆర్డర్, తయారవుతుంది. దానిమీద రెండు డిజిటల్ సంతకాలు పడాలి. రెండోది పడ్డాక అది మండలం చేయి దాటిపోతుంది. ఆపైన డబ్బు విడుదల చేయాల్సింది కేంద్రం. మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి అందాలన్నది చట్టం. అందులో మొదటి 8 రోజులే మావి. రెండో దశ ఆలస్యానికి కేంద్రం బాధ్యత తప్పించుకోలేదని 2018లో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కూలీకి మాత్రం ఈ దశలేవీ కనిపించవు. ఊళ్లోకి వచ్చిపోయే మా మొహాలే కనిపిస్తాయి.

ఆ రాత్రి ఆఫీసులోనే కూర్చుని ఆ ఊరి మస్టర్లన్నీ తీశాను. ఒకే కాగితం మీద 46 పేర్లు, వాటికి ఎదురుగా మస్టర్ ముగిసిన తేదీ, రెండో సంతకం తేదీ, ఇప్పుడు డబ్బు ఎక్కడుందీ రాశాను. అందరి ఎఫ్‌టీఓలూ మే 20నే వెళ్లాయి, ఆరో రోజున. 39 మందివి కేంద్రం దగ్గర పెండింగ్. మిగతా ఏడుగురివి చూసేసరికి నా గుండె జారింది. అవి జూన్ 3నే తిరస్కరణకు గురై మాకు వెనక్కి వచ్చాయి. ఇద్దరి ఖాతాలు వాడకంలో లేక ఆగిపోయాయి, ఐదుగురి ఆధార్ బ్యాంకు ఖాతాతో సరిగా ముడిపడలేదు. అలా వెనక్కి వచ్చినవాటిని సరిచేసి మళ్లీ పంపాల్సింది మేమే. మూడు వారాలుగా ఆ జాబితా తెరిచినవాళ్లు లేరు.

ఆ ఏడు పేర్లు దాచేస్తే నా కాగితం చక్కగా ఉండేది. కానీ ఆ ఏడుగురిలో ఒక్కరు బ్యాంకుకు వెళ్లి అడిగినా మిగతా 39 లెక్క కూడా అబద్ధమైపోయేది. అందుకే వాటినే పైన రాశాను.

మర్నాడు పొద్దున్నే ఫీల్డ్ అసిస్టెంట్‌ని వెంటబెట్టుకుని సర్పంచ్ గారింటికి వెళ్లాను. తేదీలు మొదలుపెట్టగానే ఆయన ఆపేశారు. "నాకు తేదీలెందుకయ్యా? రోజూ తెల్లారేసరికి నా గుమ్మంలో నిలబడే ఆడవాళ్లకి ఏం చెప్పమంటావు?" అన్నారు. హాల్లో ఆయన గొంతు ఎందుకంత పెరిగిందో అప్పుడు అర్థమైంది. ఆయన మీదా ఆ నిందే పడుతోంది. ముందు ఆ ఏడు పేర్లు చదివి, "ఇవి మా తప్పు, ఈ వారంలో సరిచేస్తాం" అన్నాను. ఆ తర్వాతే 39 మంది సంగతి విన్నారు. ఆ కాగితం నకలు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం. ఫీల్డ్ అసిస్టెంట్ ఏడుగురినీ ఆధార్, పాసుపుస్తకాలతో బ్యాంకుకు తీసుకెళ్లాడు. ఎఫ్‌టీఓలు మళ్లీ వెళ్లాయి. 39 మంది డబ్బు మాత్రం జూలై నెల సగమయ్యాకే పడింది. నా కాగితం దాన్ని ఒక్కరోజు కూడా ముందుకు జరపలేదు.

సర్పంచ్ గారితో సర్దుబాటు అయింది కదా, ఇక వదిలేయమన్నారు తోటివాళ్లు. నాకు అది సరిపోలేదు. నింద వందమంది ముందు పడింది, ఇద్దరి మధ్య మాటతో అది పోదు. పైగా తర్వాతి సమావేశం మూడు నెలలకు. ఈలోగా ఎంతమంది నోట ఎన్నిసార్లు తిరుగుతుందో! ఎంపీడీఓ గారిని అడిగి, సెప్టెంబరు సమావేశం ఎజెండాలో మా అంశం మొదట్లోనే పెట్టించుకున్నాను. సర్పంచ్ గారి పేరు ఎత్తకుండా, మా తప్పు ఏడు, మా చేతిలో లేనివి 39 అని తేదీలతో సహా చదివాను. ఆయనే లేచి, "నిజమే, గోడమీద రాసి పెట్టాడు, నేను చూశాను" అన్నారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. జూన్‌లో పేపర్లో వచ్చిన వార్తకు మాత్రం సవరణ రాలేదు.

ఆ రోజే వెనక వరసలోంచి ఇంకో ఎంపీటీసీ లేచారు, తమ ఊళ్లో పన్నెండు మందికి కూలి రాలేదని. హాలంతా నావైపు తిరిగింది. ఆయన నన్నేమీ అనలేదు.

"మావాళ్ల ఎఫ్‌టీఓ తేదీ ఎంత?" అని అడిగారు. నేను ఫైలు తెరిచాను.