లిమిట్ దాటిన పన్నెండు నిమిషాలు

ముంబైలో ఒక బ్యాంకు డీలింగ్ రూమ్ అనుకుందాం. జూనియర్ ట్రేడర్‌కు ఇచ్చిన లిమిట్ 50 లక్షల డాలర్లు. చేతిలో అప్పటికే 35 లక్షలున్నాయి. మధ్యాహ్నం 3:10కి ఒక ఎగుమతిదారు దగ్గర మరో 30 లక్షలు కొన్నది.

మేనేజర్‌కు రాసే ఈమెయిల్‌లో మొదటి వాక్యమే అసలు సంగతి చెప్పాలి: “సార్, 3:10 నుంచి 3:22 వరకు నా పొజిషన్ లిమిట్‌ను 15 లక్షల డాలర్లు మించింది. 20 లక్షలు అమ్మి 45 లక్షలకు దించాను. డాలర్‌కు రెండు పైసలు తగ్గడంతో 40 వేల రూపాయలు నష్టం. పాత పొజిషన్ చూసుకోకుండా రేటు ఇచ్చాను. రిస్క్ విభాగానికి తెలియజేశాను.”

లాభం వచ్చినా ఈ మెయిల్ రాయాల్సిందే.

నిక్ లీసన్ నష్టాలను 88888 ఖాతాలో దాచాడు. 80 కోట్ల పౌండ్లకు పైగా పోగొట్టుకుని 1995లో బేరింగ్స్ బ్యాంకు కూలింది. అందుకే మేనేజర్ ఆమె మాటతో సరిపెట్టుకోడు, డీల్ రికార్డులోని సమయాలతో ఆ మెయిల్‌ను పోల్చి చూస్తాడు.