మనుషుల్ని ఏరుకున్న మేనేజరు

బాబ్ టేలర్ చదివింది సైకాలజీ. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ లేదు. అయినా 1970లో జిరాక్స్ కంపెనీ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు, కంప్యూటర్ ల్యాబ్‌కు జట్టును కూర్చే పని ఆయనకే అప్పజెప్పింది. కాగితం మీద ల్యాబ్ అధిపతి కొన్నేళ్లు వేరొకరైనా, జట్టును కట్టిందీ నడిపిందీ టేలరే.

అంతకుముందు ఆయన అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పాలో విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే పని చేశారు. డబ్బిచ్చి ఊరుకోకుండా, ఆ ప్రాజెక్టుల్లో పనిచేసే విద్యార్థులకు ఏటా సమావేశాలు పెట్టించారు. ఎవరు చురుకైనవాళ్లో అక్కడే తెలిసిపోయింది. జిరాక్స్‌కి వచ్చాక దరఖాస్తుల కోసం ఎదురుచూడాల్సిన అవసరం పడలేదు. బర్క్‌లీలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీ మునిగిపోతుంటే, అందులోని బట్లర్ లాంప్సన్, చక్ థాకర్ వంటివాళ్లను కలిపి తీసుకొచ్చేశారు. వాళ్లకు అప్పటికే కలిసి పనిచేసిన అలవాటుంది మరి. ఇక కొత్తగా వచ్చే అభ్యర్థి ల్యాబ్ అంతటి ముందూ ప్రసంగించాలి, ప్రశ్నలకు నిలబడాలి. ఆ తర్వాత ల్యాబ్‌లో వాళ్ల మాటకే విలువ. అరకొర ఇష్టంతో ఎవరినీ తీసుకునేవారు కాదు.

వారానికోసారి అందరూ మెత్తటి సంచీ కుర్చీల్లో కూలబడేవారు. ఒకరు తన ఆలోచన చెప్తే మిగతావాళ్లు దాన్ని చీల్చి చెండాడాలి. ఆలోచననే గాని మనిషిని కాదు. వాదన ముదిరితే టేలర్ తీర్పు చెప్పేవారు కాదు. ఎదుటివాడి వాదనను, వాడే ‘అవును, నేనన్నది అదే’ అని ఒప్పుకునేలా చెప్పమనేవారు. ఇద్దరూ అలా చెప్పగలిగితే ఆయన దృష్టిలో అది పనికొచ్చే విభేదం. అలా చెప్పగలిగే దాకా గొడవను నడిపించడమే తన పని అనుకున్నారు. సాంకేతిక లోతు తక్కువైన మనిషికి ఇది సాధ్యమేనా అంటే, తక్కువ కావడం వల్లే ఏ పక్షమూ పట్టలేదేమో అనిపిస్తుంది నాకు.

1973లో ఆ ల్యాబ్ నుంచి ఆల్టో వచ్చింది. తెర మీద బొమ్మలు, చేతిలో మౌస్ ఉన్న వ్యక్తిగత కంప్యూటర్ అది. ఆల్టోలను కలపడానికి ఈథర్‌నెట్ పుట్టింది.

లోపాలూ ఉన్నాయి. తన జట్టును ఎంత కాచుకున్నారో, పక్క ల్యాబులను అంత చులకన చేశారు. పైవాళ్లతో పొసగలేదు. 1983లో రాజీనామా చేసి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో కొత్త ల్యాబ్ పెడితే, లాంప్సన్, థాకర్‌లతో పాటు చాలామంది జిరాక్స్ వదిలి ఆయన వెంట నడిచారు.

ఆయన జట్టులోంచి లాంప్సన్‌కు 1992లో, థాకర్‌కు 2009లో, ఈథర్‌నెట్ రూపకర్త బాబ్ మెట్‌కాఫ్‌కు 2022లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. టేలర్‌కు మాత్రం రాలేదు.