అవధి తెలియకుండానే

1కి నాలుగో వంతు కలపండి, 1.25 వస్తుంది. దానికి తొమ్మిదో వంతు కలిపితే 1.3611, ఆపైన పదహారో వంతు కలిపితే 1.4236. ఇలా వరుసగా అంకెల వర్గాలను హారాలుగా పెట్టి కలుపుకుంటూ పోతే మొత్తం ఎక్కడ స్థిరపడుతుంది? 1650లో ఇటలీ గణితవేత్త మెంగోలీ వేసిన ప్రశ్న ఇది. బాసెల్ నగరంలో యాకోబ్ బెర్నూలీ దీనితో కుస్తీ పట్టాడు. మొత్తం 2 దాటదని చూపగలిగాడు కానీ, అసలు విలువ ఆయనకు చిక్కలేదు.

విలువే తెలియనప్పుడు, మొత్తం ఒకచోట స్థిరపడుతుందని ఎలా చెప్పడం? అవధికి ఎంత దగ్గరయ్యామో కొలవాలంటే ముందు అవధి చేతిలో ఉండాలి కదా! పారిస్‌లో కోషీ 1821 నాటి తన పాఠ్యగ్రంథంలో చూపిన దారి నాకెంతో ఇష్టం. అవధి సంగతి పక్కనపెట్టి, పదాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడమన్నాడు.

మన లెక్కలో వంద భిన్నాలు కలిపాక ఆగుదాం. మొత్తం సుమారు 1.6350. ఇకపై ఎన్ని కలిపినా ఎంత పెరుగుతుంది? 101 వర్గం కంటే 100×101 చిన్నది. కాబట్టి రాబోయే భిన్నం 1/(100×101) కంటే తక్కువ. దీన్నే 1/100 − 1/101 అని రాయవచ్చు. ఆ తర్వాతిది 1/101 − 1/102 కంటే తక్కువ. ఇవి కలిపితే మధ్యవన్నీ కొట్టేసుకుపోతాయి, మిగిలేది 1/100 లోపే. అంటే వందో మెట్టు దాటాక ఏ రెండు మొత్తాలను తీసుకున్నా తేడా 0.01కి చేరదు. లక్షో మెట్టు దాటాక 0.00001కి చేరదు. ఎంత చిన్న తేడా కోరినా, అది నిలిచే మెట్టు ఒకటి చూపించగలం. ఇలాంటిదే కోషీ అనుక్రమం.

విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే. పక్కపక్క పదాల తేడా తగ్గితే చాలదు. వర్గాలు తీసేసి 1 + 1/2 + 1/3 అంటూ కలపండి. ఇక్కడా ఒక్కో అడుగు చిన్నదవుతూనే ఉంటుంది. కానీ 101 నుంచి 200 వరకు ఉన్న వంద భిన్నాల్లో ఏదీ 1/200 కంటే చిన్నది కాదు, కాబట్టి అవే కనీసం అర పెంచుతాయి. 1001 నుంచి 2000 వరకు మరో అర. ఈ మొత్తానికి ఆగడమన్నది లేదు. పోల్చాల్సింది పక్క పదంతో మాత్రమే కాదు, ముందున్న ప్రతి పదంతోనూ.

మెంగోలీ ప్రశ్నకు 1734లో ఆయిలర్ జవాబు కనుక్కున్నాడు: π²/6, సుమారు 1.6449. మనం వందో మెట్టు దగ్గర గీసిన 1.635–1.645 హద్దుల్లోనే ఉంది. చిత్రమేమిటంటే, మనం కలిపినవన్నీ భిన్నాలే అయినా ఈ అవధి భిన్నం కాదు. భిన్నాలే సంఖ్యలని పట్టుబడితే, పదాలు ఎంత దగ్గరైనా చేరే చోటే ఉండదు. కోషీ పరీక్ష పూచీ వాస్తవ సంఖ్యల్లోనే చెల్లుతుంది. ఆ సంఖ్యల్లో ఎక్కడా ఖాళీలు లేవని కోషీ నిరూపించకుండానే నమ్మాడు. ఆ ఖాళీలు పూడ్చే నిర్మాణాలను డెడెకిండ్, కాంటర్ ప్రచురించేసరికి 1872 వచ్చింది.