కాగితంపై కుదిరిన ముగ్గు నేలపై ఎందుకు సాగుతుంది?

సంక్రాంతి ముగ్గుల పోటీల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. నోటుబుక్కులో ముద్దుగా ఉన్న ముగ్గును నేలపై వేస్తే, ఎందుకో నిలువుగా సాగినట్టు ఉంటుంది. రేకులు ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా వస్తాయి. రంగులు నింపాక దూరం నుంచి చూస్తే పువ్వేదో, ఆకేదో తెలియదు. చెయ్యి తిరగలేదని అనుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు చేతిది కాదు. పిండి పట్టుకోకముందే సరిచూసుకోవాల్సిన లెక్కది.

మనకు బాగా తెలిసిన ఒక ముగ్గునే తీసుకుందాం. 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కో చుక్క తగ్గిస్తూ 8 వరకు వెళ్లాలి. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. చుక్కలన్నీ కలిసి ఆరు మూలల ఆకారం ఇస్తాయి. పోటీలో మనకిచ్చిన గడి 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అనుకుందాం.

వరుసల మధ్య దూరమే అసలు కిటుకు

ఎదురు చుక్కల ముగ్గులో చుక్కకూ చుక్కకూ మధ్య ఎంత దూరమో, వరుసకూ వరుసకూ మధ్య అంతే దూరం ఉండాలి. ఆ అలవాటునే సందు చుక్కకూ వాడితే తప్పు మొదలవుతుంది. సందు చుక్కలో పై చుక్క కింది రెండు చుక్కల నడుమ కూర్చుంటుంది. ఆ మూడూ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కావాలి. అలా కావాలంటే వరుసల మధ్య దూరం చుక్కల మధ్య దూరం కంటే కాస్త తక్కువగా, దాదాపు 87 శాతం ఉండాలి. చుక్కల మధ్య 9 సెంటీమీటర్లు పెడితే వరుసల మధ్య 7.8 సెంటీమీటర్లు చాలు.

తేడా 1.2 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ 15 వరుసల మధ్య 14 సందులున్నాయి. సరిగ్గా వేస్తే ముగ్గు ఎత్తు 109 సెంటీమీటర్లు వస్తుంది. వరుసల మధ్య కూడా 9 పెడితే 126కు చేరుతుంది. ముగ్గు సాగినట్టు కనిపించేది ఇందుకే. గళ్ల కాగితంపై వేసిన నమూనాలోనూ ఈ సాగుడు ఉంటుంది. చిన్నగా ఉండటం వల్ల కంటికి ఆనదంతే.

దీన్ని పట్టుకోవడానికి లెక్కలు రానక్కర్లేదు. చుక్కల మధ్య దూరానికి సరిపడా ఒక పుల్ల విరుచుకోండి. కొత్తగా పెట్టే ప్రతి చుక్కా కింది రెండు చుక్కలకూ సరిగ్గా ఒక పుల్ల దూరంలో ఉండాలి. చుక్కలన్నీ పెట్టాక ఒక దారం తీసుకుని, ఎదురెదురు మూలల మధ్య మూడు వైపులా కొలవండి. మన ముగ్గులో మూడు కొలతలూ 126 సెంటీమీటర్లే రావాలి. అడ్డంగా 126 వచ్చి, ఏటవాలుగా రెండు వైపులా 141 దాకా వస్తే వరుసలు ఎడమైనట్టు. ఒక ఏటవాలు పొడవుగా, రెండోది పొట్టిగా ఉంటే చుక్కలు ఒక పక్కకు ఒరిగినట్టు. ఈ దశలో చుక్కలు చెరిపి మళ్లీ పెట్టుకోవచ్చు. రంగులు పడ్డాక సరిదిద్దలేం.

నిలబడి ఫోన్‌లో తీసిన ఫొటో చూసి మాత్రం సౌష్ఠవాన్ని తేల్చకండి. దగ్గరి వైపు పెద్దగా, దూరపు వైపు చిన్నగా పడటం కెమెరా సహజం. దారమే నమ్మకమైన సాక్షి.

ఎంత పెద్దగా వేయాలో గీత చెబుతుంది

ముగ్గును పెంచినప్పుడు చుక్కల దూరం పెరుగుతుంది కానీ, వేళ్ల మధ్య నుంచి జారే గీత లావు పెద్దగా మారదు. అది దాదాపు అర సెంటీమీటరు. కాగితంపై ఒక సెంటీమీటరు దూరంలో చుక్కలు పెట్టి, అర మిల్లీమీటరు గీత పడే పెన్నుతో గీశామనుకోండి. గీత కంటే సందు 20 రెట్లు ఉంది. నేలపై 9 సెంటీమీటర్ల దూరం పెడితే ఇంచుమించు అదే పొందిక వస్తుంది. 5 సెంటీమీటర్లకు కుదిస్తే మెలికల దగ్గర గీతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. 20కి పెంచితే గీత దారంలా సన్నబడి డిజైన్ తేలిపోతుంది. అప్పుడు జంట గీత వేయక తప్పదు.

మన గడిలోకి ఏది పడుతుందో చూద్దాం. 5 అడుగులంటే దాదాపు 152 సెంటీమీటర్లు. 15 చుక్కల మధ్య 14 సందులు, చుక్కల బయటికి వచ్చే రేకుల కోసం అటూ ఇటూ ఒక్కో సందు. మొత్తం 16. భాగిస్తే 9.5 వస్తుంది. కాబట్టి 9 దగ్గర ఆగితే అంచున కాస్త ఖాళీ కూడా మిగులుతుంది.

రంగుల ఖర్చు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. 9 సెంటీమీటర్ల దూరంతో చుక్కలు పరుచుకునే నేల సుమారు ఒక చదరపు మీటరు. దూరాన్ని రెట్టింపు చేస్తే అది రెండు కాదు, నాలుగు చదరపు మీటర్లు అవుతుంది. గీతకు రెట్టింపు పిండి చాలు కానీ, నింపడానికి నాలుగింతల రంగు కావాలి. సగం ముగ్గు నిండేసరికి రంగు అయిపోవడానికి కారణం ఇదే.

రంగులను నలుపు తెలుపులో చూడండి

పక్కపక్క రంగులు వేరుగా కనిపించాలంటే రంగు వేరైతే సరిపోదు, వెలుగులో తేడా ఉండాలి. ఎరుపు, ముదురు ఆకుపచ్చ పొట్లాల్లో ఎంతో వేరుగా ఉంటాయి. దూరం నుంచి, సాయంత్రపు వెలుతురులో చూస్తే రెండూ ఒకే ముదురుగా కలిసిపోతాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్లున్నవారికైతే పట్టపగలూ అంతే. లేత పసుపు పక్కన తెల్ల గీత కూడా ఇలాగే మాయమవుతుంది.

ముగ్గు వేయబోయే నేలపైనే ఒక మూల, వాడబోయే రంగులన్నీ చిటికెడు చొప్పున పక్కపక్కన పోయండి. ఫొటో తీసి, ఫోన్‌లోనే నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఏ రెండు మచ్చలు ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టొద్దు. తప్పనిసరైతే ఒకదానిలో తెల్ల ముగ్గు కలిపి లేతగా చేయండి, లేదా మధ్యలో తెల్ల గీతను లావుగా ఉంచండి. కళ్లాపి చల్లిన తడి నేలపై పొడి తడిసి ముదురుగా కనిపిస్తుంది, ఆరాక లేతబడుతుంది. అందుకే ఆరిన తర్వాతే తేల్చుకోవాలి.

చివరగా, రంగులు సౌష్ఠవాన్ని కూడా చెడగొట్టగలవు. ఆరు రేకుల పువ్వుకు రెండు రంగులు ఒకటి విడిచి ఒకటి వేయొచ్చు. మూడు రంగులు వరుసగా రెండుసార్లు తిప్పొచ్చు. నాలుగు రంగులు వరుసగా తిప్పితే మాత్రం రెండో చుట్టు మధ్యలోనే ఆగిపోతుంది. గీత ఎంత చక్కగా ఉన్నా పువ్వు ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. రంగు పొట్లాలు విప్పేముందు రేకులు లెక్కపెట్టుకుంటే ఆ చిక్కు రాదు.