పరిష్కరించామన్నారు, ఫ్రిజ్ మాత్రం చల్లబడలేదు

వారంటీలో ఉన్న ఫ్రిజ్ చెడిపోయిందనుకుందాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. రెండు రోజులకు టెక్నీషియన్ వచ్చి చూసి, ఒక పార్ట్ పోయింది, తెప్పించాలన్నాడు. వెళ్లబోతూ "మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింటది, చెప్పండి సార్" అన్నాడు. ఇంటాయన చెప్పేశాడు. చాలా కంపెనీల్లో ఆ ఓటీపీ చెప్పడమంటే పని పూర్తయిందని కస్టమర్ ఒప్పుకున్నట్టే లెక్క. ఇంకో మూడు రోజులకు "మీ ఫిర్యాదు పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది. పార్ట్ రాలేదు, ఫ్రిజ్ చల్లబడలేదు. మళ్లీ ఫోన్ చేస్తే పాతది మూసేశాం, కొత్తగా నమోదు చేస్తాం అంటారు. అంటే వరుసలో మళ్లీ మొదట్నుంచి నిలబడాలన్నమాట.

ఇలాంటప్పుడే చాలామంది ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో కంపెనీ పేరు పెట్టి పోస్టు రాస్తారు. రాయడం తప్పేమీ కాదు, పని జరుగుతుంది కూడా. కానీ కోపంలో రాసేది ఎక్కువగా ఇలా ఉంటుంది: "దొంగ కంపెనీ. జనాన్ని మోసం చేసి బతుకుతున్నారు. ఎవరూ కొనకండి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పట్టించుకునే దిక్కు లేదు." ఆ బాధ నిజమే, రాసినాయన్ని తప్పుపట్టలేం. అయితే దీన్ని మొదట చదివేది కంపెనీ యజమాని కాదు. సోషల్ మీడియా ఫిర్యాదులు చూసే ఒక ఉద్యోగి. ఆ షిఫ్టులో అలాంటివి ఎన్నో చూస్తారు. వాళ్లకు కావాల్సింది ఏ వస్తువు, ఏం పాడైంది, ఎప్పుడు ఫిర్యాదు చేశారు, ఎక్కడ ఆగింది, ఇప్పుడు ఏం చేయమంటున్నారు అన్నవి. పై పోస్టులో వాటిలో ఒక్కటీ లేదు. అందుకే దానికి "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే తయారు జవాబు తప్ప ఇంకేదీ రాదు.

అదే ఫ్రిజ్ గురించి ఇలా రాస్తే?

"మా ఫ్రిజ్ చల్లబడటం లేదు, వారంటీ ఉంది. మార్చి 4న ఫిర్యాదు చేశాం. 6న టెక్నీషియన్ వచ్చి పార్ట్ మార్చాలన్నారు. అది రాలేదు. 9న ఫిర్యాదు పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. దాన్ని మళ్లీ తెరిచి, పార్ట్ ఎప్పుడొస్తుందో చెప్పగలరు. ఫిర్యాదు నంబరు, ఫోన్ మెసేజ్‌లో ఇస్తాను."

ఎక్స్‌లో మామూలు ఖాతాకు ఉండే హద్దు 280 అక్షరాలు. తెలుగులో గుణింతాన్నీ, ఒత్తునూ విడివిడిగా లెక్కేస్తారు కాబట్టి మనకు చోటు త్వరగా అయిపోతుంది. అయినా కంపెనీ ఖాతా పేరు కలుపుకొని కూడా ఇది ఆ హద్దులో సరిపోతుంది. ఖాతా పేరును మొదట్లో పెట్టకుండా మధ్యలోనో చివరనో పెట్టండి. దాంతోనే మొదలుపెడితే అది కంపెనీకి ఇచ్చిన జవాబులా లెక్కలోకెళ్లి, మిగతావాళ్లలో తక్కువమందికే కనబడుతుంది.

ఈ పోస్టులో బలమంతా తేదీల్లో ఉంది. 6న పార్ట్ కావాలన్నారు, 9న పరిష్కారమైందన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో దానంతటదే కనిపిస్తుంది. "మోసం" అన్న మాట అక్కర్లేదు. పైగా ఆ మాట మనకు తెలియని విషయం గురించి చెబుతుంది. ఫిర్యాదును కావాలని మూశారో, కంప్యూటర్‌లో ఓటీపీ పడగానే అదే మూసుకుందో మనం చూడలేదు. చూసింది రాస్తే ఎవరూ కాదనలేరు. ఊహించింది రాస్తే వాదన అక్కడే మొదలై, ఫ్రిజ్ సంగతి పక్కకుపోతుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టం నేరమే. నిజమైన విషయాన్ని ప్రజాహితం కోసం చెప్పడానికి అందులో మినహాయింపు ఉంది, నిరూపించలేని నిందకు ఆ రక్షణ దొరకదు. అదే కారణంగా టెక్నీషియన్ పేరు, ఫొటో పెట్టకూడదు. పార్ట్ పంపనిది ఆ కుర్రాడు కాదు కూడా.

"ఎన్నిసార్లు చేసినా పలకలేదు" లాంటి మాటతోనూ జాగ్రత్త. ఒక్కసారి పలికి ఉన్నా, కాల్ రికార్డు చూపించి మీ మాట మొత్తం అబద్ధమనే వీలు వాళ్లకు దొరుకుతుంది.

ఇక చివరి వాక్యం. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇక్కడ జరిగే పొరపాటే. చాలామంది తొందరలో తమ ఫోన్ నంబరు, ఫిర్యాదు నంబరు, బిల్లు ఫొటో అన్నీ బయటే పెట్టేస్తారు. కంపెనీల పేర్లతో వెతుకుతూ ఇలాంటి పోస్టుల కోసమే కాచుకునే మోసగాళ్లు ఉన్నారు. నిమిషాల్లో "కస్టమర్ సపోర్ట్" పేరుతో జవాబు వస్తుంది, అదే లోగో ఉంటుంది. పేరులో ఒక అక్షరమో గీతో ఎక్కువుంటుంది, ఖాతా తెరిచి నెల కూడా అయ్యుండదు. ఒక నంబరిచ్చి ఫోన్ చేయమంటారు, లేదా ఫారం నింపమని లింకు పంపుతారు. ఆ తర్వాత ఫోన్ తెర వాళ్లకు కనిపించేలా చేసే యాప్ వేసుకోమంటారు, రీఫండ్ కోసం పది రూపాయలు పంపమంటారు, యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. నీలం టిక్కు చూసి నమ్మడానికీ లేదు, నెలనెలా డబ్బు కట్టినవాళ్లకు అది వస్తోంది.

కాబట్టి తలుపు తెరిచేది మీరే కావాలి. కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్లి, అక్కడున్న లింకు నొక్కి వాళ్ల అసలు ఖాతా తెరవండి. పోస్టు పెట్టాక ఆ ఖాతాకు మీరే మెసేజ్ పంపండి. ఫిర్యాదు నంబరు, వారంటీలో నమోదైన ఫోన్ నంబరు, ఊరు, బిల్లు ఫొటో అక్కడ ఇవ్వండి. ఓటీపీ, పిన్, కార్డు వెనక ఉండే మూడంకెలు అక్కడ కూడా ఇవ్వొద్దు. ఎవరైనా మీకు నంబరిచ్చి ఫోన్ చేయమంటే, అది వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూశాకే చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీ మెసేజ్‌లో మాట్లాడి, 48 గంటల్లో పార్ట్ పంపుతామంటే ఆ మాటను దాచుకోండి. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటే చాలు. గడువు దాటితే అదే పోస్టు కింద రెండే వాక్యాలు: ఫలానా తేదీన మాటిచ్చారు, ఈరోజు వరకు రాలేదు. పార్ట్ వస్తే అది కూడా అక్కడే రాయాలి. ఫ్రిజ్ బాగయ్యాక కూడా పాత ఫిర్యాదు అలాగే కనబడటం కంపెనీ పట్ల న్యాయం కాదు. ఈసారి టెక్నీషియన్ వచ్చి ఓటీపీ అడిగితే, ఫ్రిజ్ చల్లబడ్డాకే చెప్పండి.

పోస్టు ఒత్తిడి తెస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని రాతపూర్వక ఫిర్యాదు మానేయొద్దు. అదే సమాచారంతో కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పంపాలి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు మొదట అడిగేది కూడా ఏ తేదీన ఏం జరిగిందనే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి.